వానకి ఏ మాట తోడు? తెలుగులో కలిసి వచ్చే మాటల పట్టిక తయారు చేసుకునే పద్ధతి

"వ్యాకరణం తప్పు లేదు, అక్షరదోషం లేదు. అయినా చదివినవాళ్లు 'ఇది అనువాదమా?' అని అడుగుతున్నారు. ఏం చేయాలి?" కొత్తగా రాస్తున్నవాళ్లు, అనువాదాలు చేస్తున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. చాలాసార్లు లోపం వాక్యంలో ఉండదు, మాటల పొత్తులో ఉంటుంది. "బలమైన వర్షం", "బలమైన టీ", "లోతైన నిద్ర": విడివిడిగా ఇవన్నీ తెలుగు మాటలే. కలిపి మాత్రం ఎవరూ అనరు. వాన జోరుగా కురుస్తుంది, టీ స్ట్రాంగ్‌గా ఉంటుంది, నిద్ర గాఢంగా పడుతుంది.

దీనికి మందు, కలిసి వచ్చే మాటల పట్టికను ఎవరికి వారు తయారు చేసుకోవడం. ఇంగ్లీషులో ఇలాంటి నిఘంటువులు దుకాణంలో దొరుకుతాయి. తెలుగులో రాసేవాళ్లు మాత్రం తమ అవసరానికి తగ్గట్టు సొంతంగా కట్టుకోవడమే మేలు. ఆ పని ఎలా చేయాలో "వాన" అనే ఒక్క మాటను పట్టుకుని చివరిదాకా చూద్దాం. వెతుకుతున్న మాటను ఇక్కడ మూలమాట అనీ, దానితో కలిసి వచ్చేదాన్ని తోడుమాట అనీ అంటాను.

## 1. ఏవి ఎక్కించాలి, ఏవి వదిలేయాలి

పట్టిక మొదలుపెట్టేముందు గీత గీసుకోవాలి. లేకపోతే వారం తిరక్కుండానే అది చిత్తుకాగితాల కుప్ప అవుతుంది.

"పెద్ద ఇల్లు", "పాత ఇల్లు", "ఎర్ర ఇల్లు" లాంటివి ఎక్కించకండి. అర్థం కుదిరితే ఏ విశేషణమైనా ఇంటి పక్కన నిలబడుతుంది. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం" లాంటివి కూడా వద్దు. అవి సామెతలు, జాతీయాలు. వాటి అర్థం విడి మాటల్లో ఉండదు. వాటికి వేరే పుస్తకాలున్నాయి.

మనకు కావాల్సినవి ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. అర్థం తేలిగ్గానే తెలుస్తుంది, కానీ ఏ మాట పక్కన ఏది రావాలో అలవాటు నిర్ణయిస్తుంది. చిమ్మచీకటి, కటిక పేదరికం, పచ్చి అబద్ధం, పండు వెన్నెల, నిండు గర్భిణి, మిట్టమధ్యాహ్నం. వీటిలో మొదటి మాట పని ఒక్కటే, "చాలా" అని చెప్పడం. అయినా "పచ్చి చీకటి", "కటిక అబద్ధం" అంటే చెవికి గుచ్చుకుంటుంది.

చిన్న పరీక్ష ఒకటి ఉంది. తోడుమాట తీసేసి, దాదాపు అదే అర్థమున్న ఇంకో మాట పెట్టండి. "పెద్ద ఇల్లు" బదులు "విశాలమైన ఇల్లు" అంటే ఏమీ కాదు. "గాఢనిద్ర" బదులు "లోతైన నిద్ర" అంటే ఎక్కడో తేడా కొడుతుంది. తేడా కొట్టినవే పట్టికలోకి వెళ్లాలి.

## 2. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

మొదట పట్టిక. నోటుపుస్తకం అయినా, ఎక్సెల్ అయినా, గూగుల్ షీట్ అయినా ఒకటే. ఏ పేజీలోనైనా ఈ ఆరు గడులు ఉండాలి:

- మూలమాట
- తోడుమాట
- అది మూలమాటకు ముందు వస్తుందా, తర్వాత వస్తుందా
- పూర్తి వాక్యం, విభక్తులతో సహా
- ఎక్కడ దొరికింది
- ఎవరు అంటారు (ప్రాంతం, పత్రికా భాషా, ఇంటి మాటా)

నాలుగో గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. తర్వాత బాధపడేది కూడా దాని గురించే. "ఆకలి + వేయు" అని రాసుకుంటే సగమే రాసినట్టు. "నాకు ఆకలి వేస్తోంది" అని రాసుకుంటేనే ఆ "కు" కనబడుతుంది. "మాట + నిలబడు" అన్నది అంతకంటే ప్రమాదం: "మాట మీద నిలబడ్డాడు" వేరు, "మాట నిలబెట్టుకున్నాడు" వేరు. క్రియ చిన్నగా మారితే విభక్తి కూడా మారిపోతోంది.

తర్వాత పాఠాలు. మాటలు వెతకడానికి తెలుగు వచనం కావాలి, అదీ ఒకే రకం కాకుండా. నాలుగు చోట్ల నుంచి తీసుకోండి: వార్తలు, కథలు, ఇంటర్వ్యూలు లేదా నోటి మాట రాసిపెట్టినవి, మీరు రాసే రంగానికి చెందిన వ్యాసాలు. పాత పుస్తకాలకు తెలుగు వికీసోర్స్ ఉంది. తెలుగు వికీపీడియా కూడా పనికొస్తుంది, కానీ అందులో యంత్రం అనువదించిన పేరాలు కలిసి ఉంటాయి కాబట్టి వ్యాసం చదివి చూశాకే తీసుకోండి. సహజమైన తెలుగు కోసం వెతుకుతూ అనువాదం తెలుగులోంచి ఏరుకుంటే, ఏ రోగానికి మందు వెతుకుతున్నామో ఆ రోగమే పట్టికలోకి ఎక్కుతుంది.

ఒకే రచయితవి, ఒకే పత్రికవి కుప్పగా పోయకండి. అలా చేస్తే భాష అలవాటు కాదు, ఆ మనిషి అలవాటు దొరుకుతుంది.

## 3. మూలమాటలు ఎంచుకోవడం

నామవాచకాలతో మొదలుపెట్టండి, విశేషణాలతో కాదు. రాసేటప్పుడు మనకు ముందు తట్టేది వాన, నిద్ర, కోపం, ప్రమాదం లాంటి వస్తువు. దాని పక్కన ఏం పెట్టాలన్నదే సందేహం. "బలమైన" అన్న మాట కింద పట్టిక వేస్తే బలమైన కారణం, బలమైన ఆధారం, బలమైన గాలులు అని జాబితా పెరుగుతుంది గానీ, టీ గురించి రాసేటప్పుడు అక్కడికి ఎవరూ వెళ్లరు.

మొదటి విడతకు ఇరవై, ముప్ఫై మాటలు చాలు. వాటిని నిఘంటువులోంచి కాక మీ రాతలోంచే తీయండి. ఈమధ్య రాసిన పేజీలు ముందేసుకుని "చాలా", "ఎక్కువ", "పెద్ద", "బలమైన", "తీవ్రమైన", "చేశాడు", "జరిగింది" అన్న మాటల కింద గీతలు గీయండి. సరైన తోడుమాట తట్టనప్పుడు చెయ్యి వీటి మీదకే పోతుంది. ఆ గీతల పక్కనున్న నామవాచకాలే మీ మూలమాటలు.

## 4. ముందు నోటి నుంచి, తర్వాతే పుస్తకం నుంచి

ఒక మాట రాసుకుని, ఏదీ చూడకుండా ఖాళీలు పూరించండి:

- ___ వాన (ఎలాంటిది?)
- వాన ___ (మొదలైనప్పుడు ఏమంటాం?)
- వాన ___ (జరుగుతున్నప్పుడు?)
- వాన ___ (ఆగినప్పుడు?)
- వాన ___ మనం ఏమవుతాం?

మొదలు, నడక, ముగింపు అనే మూడు ఖాళీలను ఏ మూలమాటకైనా పెట్టండి. ఎందుకంటే ముగింపు క్రియలే త్వరగా మరుగున పడతాయి. వాన పడింది, వాన కురిసింది అని అందరికీ వస్తుంది. ఆగినప్పుడు "వాన వెలిసింది" అని, మధ్యలో కాస్త ఆగితే "తెరిపి ఇచ్చింది" అని వెంటనే తట్టేవాళ్లు తక్కువ. "వర్షం ముగిసింది" అని రాసేస్తారు.

ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. అడిగే తీరు ముఖ్యం. "వానకి ఏ క్రియ వాడతారు?" అంటే ఎవరూ చెప్పలేరు. "అమ్మమ్మా, ఆ ఏడు వరద వచ్చినప్పుడు ఎలా ఉండేది?" అని అడిగి వినండి. ముసురు పట్టడం, మబ్బు కమ్మడం, ఈదురుగాలి వీయడం, పిడుగు పడటం అన్నీ వాటంతట అవే వస్తాయి. మధ్యలో ఆపి రాసుకోకండి. మాట్లాడేవాళ్లు వెంటనే జాగ్రత్తపడి పుస్తకం భాషలోకి వెళ్లిపోతారు.

## 5. పాఠాల్లో వెతకడం

పాఠం చిన్నదైతే కంటితో చదువుతూ ఏరుకోవచ్చు. లక్ష మాటలు దాటితే చిన్న ప్రోగ్రాం కావాలి. పాఠాలన్నిటినీ corpus.txt అనే ఒకే ఫైల్లో పెట్టుకోండి. కింది పైథాన్ ముక్క మూలమాటకు ముందున్న రెండు మాటలనూ, తర్వాతి ఎనిమిది మాటలనూ వేరువేరుగా లెక్కపెడుతుంది. వాక్యం దాటి పోదు.

```python
import re
from collections import Counter

text = open("corpus.txt", encoding="utf-8").read()
text = text.replace("\u0C66", "\u0C02")
word = re.compile(r"[\u0C00-\u0C7F\u200c]+")
forms = set("వాన వానలు వానలో వానకి వానకు".split())
left, right = Counter(), Counter()

for s in re.split(r"[.!?\n]+", text):
    w = word.findall(s)
    for i, x in enumerate(w):
        if x in forms:
            left.update(w[max(0, i-2):i])
            right.update(w[i+1:i+9])

print(left.most_common(40))
print(right.most_common(40))
```

ఇందులో ప్రతి వరుసా ఒక ఇబ్బందిని తప్పించడానికే ఉంది.

మాటలను విడగొట్టడానికి అందరూ వాడే `\w+` తెలుగుకి పనికిరాదు. పైథాన్‌లో అది గుణింతం గుర్తులను, పొల్లును, సున్నను అక్షరాలుగా లెక్కించదు. "వర్షం" అన్న మాట "వర", "ష" అని రెండు ముక్కలై కూర్చుంటుంది. అందుకే తెలుగు లిపి మొత్తాన్ని `\u0C00-\u0C7F` అని ఇచ్చాం. యాంట్‌కాంక్ లాంటి, పాఠాల్లో మాటలు వెతికే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడినా ఇదే జాగ్రత్త. అక్షరాలతో పాటు గుర్తులను కూడా మాటలో భాగంగా లెక్కించేలా సెట్టింగు మార్చాకే ఫలితం నమ్మాలి.

`\u200c` అనేది కంటికి కనబడని అక్షరం. "ఆఫీస్‌లో", "స్ట్రాంగ్‌గా" అని రాసేటప్పుడు పొల్లు నిలబడటానికి వస్తుంది. దాన్ని వదిలేస్తే ఇలాంటి మాటలన్నీ రెండు ముక్కలవుతాయి.

మూడో వింత, సున్న. కొందరు "ం" బదులు తెలుగు అంకె సున్న "౦" టైపు చేస్తారు. చూడటానికి తేడా తెలియదు, కంప్యూటరుకి మాత్రం అవి రెండు వేరు మాటలు. `replace` వరుస దాన్ని సరిచేస్తుంది.

రూపాలను `forms`లో ఒక్కొక్కటిగా ఎందుకు ఇచ్చామంటే, "వానతో మొదలయ్యేవన్నీ" అని అడిగితే వానరం, వానపాము, వానికి కూడా వచ్చేస్తాయి. "వాన ఎక్కడ ఉన్నా సరే" అంటే జవాను, భగవానుడు కూడా తడుస్తారు. అలాగని జోరువాన, జడివాన, గాలివాన, వడగళ్లవాన లాంటి కలిపి రాసిన మాటలు వదులుకోకూడదు. వాటి కోసం చివర `print(Counter(x for x in word.findall(text) if x.endswith("వాన")).most_common(40))` అన్న వరుస కలిపి ఇంకోసారి నడపండి.

ముందు రెండే మాటలు, తర్వాత ఎనిమిది ఎందుకు? తెలుగులో విశేషణం నామవాచకాన్ని ఆనుకునే ఉంటుంది. క్రియ మాత్రం వాక్యం చివరికి పోతుంది. "వాన నిన్న రాత్రి నుంచి మా ఊళ్లో ఎడతెరిపి లేకుండా కురుస్తూనే ఉంది" అన్న వాక్యంలో వానకీ కురవడానికీ మధ్య ఏడు మాటలున్నాయి. ఇంగ్లీషు కోసం రాసిన సూచనలు చూసి రెండు పక్కలా నాలుగేసి మాటలు పెట్టుకుంటే అసలైన క్రియలు జారిపోతాయి.

## 6. ఒకే క్రియ, పది వేషాలు

ఫలితం చూడగానే నిరాశ పడతారు. కురిసింది, కురుస్తోంది, కురిసే, కురవలేదు, కురవక, కురిస్తే అన్నీ వేరువేరు వరుసల్లో, ఒక్కోటి రెండు మూడు సార్లు కనబడతాయి. వాటిని కలిపితేనే "కురియు" ఎంత బలమైన తోడో తెలుస్తుంది.

ఈ కలిపే పనిని మొదటి రెండక్షరాలకు అప్పగించకండి. "కురు" అంటే కురులు, కురుపు కూడా వస్తాయి. "వచ్చు" అయితే మరీ మొండిది: వస్తోంది, వచ్చింది, రాలేదు, రాక. మొదటి అక్షరమే మారిపోతోంది. పైగా "రాలేదు" పక్కనే "రాలింది" ఉంటుంది, అది ఆకు రాలడం. "పడింది", "పట్టింది" కూడా రెండు వేరు క్రియలు. వాన పడటం మామూలు సంగతి. వాన పట్టుకుందంటే ఇప్పట్లో వదలదని.

నలభై మాటల జాబితాను చేత్తో కలపడానికి పెద్ద సమయం పట్టదు. చేత్తోనే కలపండి.

## 7. ఎన్నిసార్లు వస్తే నమ్మాలి

లెక్కలో పైన నిలిచేవి ఈ, ఒక, చాలా, కూడా లాంటి మాటలు. అవి ప్రతిదాని పక్కనా ఉంటాయి కాబట్టి వానకు తోడు కావు. అసలు తోడును పట్టుకోవడానికి చిన్న లెక్క ఉంది.

మీ పాఠంలో మొత్తం 1,00,000 మాటలున్నాయనుకుందాం. అందులో "వాన" 100 సార్లు, "జోరు" 20 సార్లు, రెండూ కలిసి 12 సార్లు వచ్చాయనుకుందాం. ఏ సంబంధమూ లేకుండా ఊరికే పక్కపక్కన పడాలంటే ఎన్నిసార్లు పడాలి? 100 × 20 ÷ 1,00,000 = 0.02. నిజంగా పడింది 12. అంటే 600 రెట్లు.

ఇప్పుడు "ఈ" సంగతి. అది 2,000 సార్లు వచ్చి, వాన పక్కన 4 సార్లు కనిపించిందనుకుందాం. ఊరికే పడాల్సింది 2, పడింది 4. రెండు రెట్లే. తోడు కాదు.

ఇది ఉజ్జాయింపు లెక్క, దీనికో పెద్ద లొసుగు ఉంది. పాఠం మొత్తంలో ఒక్కసారే వచ్చిన మాట, ఆ ఒక్కసారీ వాన పక్కనే పడిందనుకోండి. ఊరికే పడాల్సింది 0.001, పడింది 1. ఏకంగా 1,000 రెట్లు! అక్షరదోషం ఒకటి వాన పక్కన పడినా "జోరు"ను దాటి పైకి వెళ్తుంది. అందుకే రెట్లు చూసేముందు రెండు వడపోతలు పెట్టండి:

- కలిసి కనీసం 5 సార్లు రావాలి
- కనీసం ముగ్గురు వేరువేరు రచయితల దగ్గర రావాలి

రెండోదాన్ని వదలకండి. ఒక కథకుడికి నచ్చిన పోలిక ఒకే కథలో ఏడుసార్లు వస్తే మొదటి వడపోత దాటేస్తుంది. ఆ ఏడూ ఒకరివేనని తెలిసేది రెండో దాంట్లోనే.

పాఠం చిన్నదై 5 సార్లు దొరకకపోతే, ఆ రెండు మాటలనూ కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. "ఇన్ని ఫలితాలు" అనే అంకె కనబడినా పట్టించుకోవద్దు, అది నమ్మదగినది కాదు. మొదటి రెండు పేజీలు తెరిచి, ఎవరు రాశారో, అది తెలుగువాళ్లు నేరుగా రాసిందా అనువాదమా చూడండి.

## 8. పూర్తయిన పేజీ ఎలా ఉంటుంది: వాన, వర్షం

రెండూ ఒకటే కదా అని ఒకే పేజీలో వేయకండి. అర్థం ఒకటే అయినా, ఒకటి రెండు తప్ప తోడుమాటలు వేరు.

వాన పేజీ

- ముందు: జోరువాన, జడివాన, గాలివాన, వడగళ్లవాన, కుండపోత వాన
- మొదలు: వాన వచ్చింది, వాన పట్టుకుంది
- నడక: వాన పడుతోంది, కురుస్తోంది, దంచికొడుతోంది
- ముగింపు: వాన తగ్గింది, వెలిసింది, తెరిపి ఇచ్చింది
- మనిషి: వానలో తడిశాడు, వానకి తడిశాడు
- చుట్టుపక్కల: మబ్బు పట్టింది, ముసురు పట్టింది, ఉరుములు మెరుపులు, పిడుగు పడింది

వర్షం పేజీ

- ముందు: భారీ వర్షం, కుండపోత వర్షం, ఎడతెరిపి లేని వర్షం, అకాల వర్షం, తేలికపాటి వర్షం, మోస్తరు వర్షం
- నడక: వర్షం కురిసింది, వర్షాలు ముంచెత్తాయి
- రాకపోతే: వర్షాలు ముఖం చాటేశాయి, వర్షాభావం నెలకొంది
- లెక్క: ఇన్ని మిల్లీమీటర్ల వర్షపాతం నమోదైంది

"వానపాతం నమోదైంది" అని ఎవరూ అనరు. "భారీ వాన" అక్కడక్కడా వినబడుతుంది గానీ "భారీ వర్షం" అంత నిండుగా ఉండదు. "భారీ" దగ్గర ఇంకో మెలిక కూడా ఉంది. భారత వాతావరణ శాఖ భాషలో అది కొలత. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ, 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ, ఆపైన అత్యంత భారీ. 15.6 నుంచి 64.4 దాకా అయితే మోస్తరు. కథలో ఎవరి చొక్కా ఎంత తడిసినా ఈ అంకెల పట్టింపు లేదు. వార్త రాసేటప్పుడు మాత్రం "అతి భారీ" అన్నది ఊపు కోసం తగిలించే మాట కాదు. గడిలో "వాతావరణ వార్త, కొలత ఉంది" అని రాసిపెట్టుకోండి.

## 9. ఎవరి నోటి మాట?

ఆరో గడి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే పట్టిక మనల్ని మోసం చేస్తుంది.

కోస్తాలో ఆకలి వేస్తుంది, తెలంగాణలో ఆకలి అవుతుంది. కోస్తాలో చలి వేస్తే తెలంగాణలో చలి పెడుతుంది. తెలంగాణలో వాన పడటమే కాదు, కొడుతుంది కూడా. ఇవన్నీ సరైనవే. ఏది "ప్రామాణికం" అని ఒకదాన్ని కొట్టేస్తే, వరంగల్ పాత్రతో మాట్లాడించాల్సి వచ్చినప్పుడు పట్టిక చేతులెత్తేస్తుంది. రెండూ ఉంచి, పక్కన ప్రాంతం రాయండి.

టీ సంగతి మరీ తమాషా. "స్ట్రాంగ్ టీ" అన్నది ఇప్పుడు తెలుగు ఇళ్లలో మామూలు మాట. హైదరాబాదులో అదే "కడక్ చాయ్". "చిక్కటి టీ" అని శుద్ధ తెలుగులో రాశామనుకుని సంతోషపడేవాళ్లున్నారు గానీ, చిక్కదనం పాలది. పాలు ఎక్కువై డికాషన్ తక్కువైనా టీ చిక్కగానే ఉంటుంది. పొడి ఎక్కువ వేసి మరిగించిన టీకి స్ట్రాంగ్ అనడమే సరి. కడక్ చాయ్ పక్కన "పెట్టు", "తాగు" అన్న క్రియలు కూడా రాసుకోండి. టీ పెడతాం, కాఫీ కలుపుతాం, పాలు కాస్తాం. "టీ తయారు చేసింది" అంటే హోటల్ బోర్డు చదివినట్టుంటుంది. మళ్లీ "అన్నం పెట్టింది" అంటే వండిందని కాదు, వడ్డించిందని. ఒకే క్రియ పక్కమాటను బట్టి అర్థం మార్చుకుంటుంది కాబట్టే పూర్తి వాక్యం రాయమన్నది.

ఇంగ్లీషు నుంచి వచ్చి స్థిరపడ్డ పొత్తులను ఏం చేయాలన్నది ఇంకో తగువు. "నిర్ణయం తీసుకున్నారు", "చర్యలు తీసుకుంటాం" పుట్టుక ఏదైనా ఈరోజు అందరి నోటా ఉన్నాయి. వాటిని వెలివేయడం నా దృష్టిలో వృథా. కానీ "నిర్ణయించారు" అన్న ఒక్క మాట ఉన్న చోట రెండు మాటలెందుకని ఆలోచించడం మంచిదే. పట్టికలో రెండూ ఉంచి, పక్కన "పత్రిక, ప్రభుత్వం" అని రాయండి. ఇంట్లో తాతయ్య "నేను నిర్ణయం తీసుకున్నాను" అనడు, "అనుకున్నాను" అంటాడు.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

పట్టికలో అన్నీ పెద్ద మాటలే. పండు వెన్నెల, చిమ్మచీకటి దొరికాక అందరూ వాటి వెంటే పడతారు. నిజానికి రాతను అతుకులబొంత చేసేవి చిన్న క్రియలు: వేయు, పట్టు, పెట్టు, పడు, కట్టు, తీయు. ప్రతి మూలమాటకు కనీసం రెండు క్రియలు దొరికేదాకా ఆ పేజీ పూర్తయినట్టు కాదు.

అరిగిపోయిన పొత్తులు. పెద్దపీట వేయడం, ఉక్కుపాదం మోపడం, ఘాటుగా స్పందించడం లెక్కల్లో పైకి వస్తాయి, ఎందుకంటే పత్రికలు రోజూ వాడతాయి. ఎక్కువసార్లు వచ్చిందంటే సహజమని అర్థం, తాజాగా ఉందని కాదు. వీటికి పక్కన "అరిగింది" అని గుర్తు పెట్టండి.

పాత రూపాలు కొత్త రాతలోకి రావడం. వికీసోర్స్ నుంచి తీసిన గ్రాంథిక వాక్యాల పొత్తులు ఇప్పటి వ్యాసంలో పెడితే వేషం తీయని నాటకంలా ఉంటుంది. పాత పుస్తకంలో దొరికినదాన్ని ఇప్పటి రాతలో కూడా ఒకచోట చూశాకే వాడండి.

అర్థం ఒకటే కదా అని మార్చేయడం. ఘనవిజయం ఉంది కాబట్టి "ఘన పరాజయం" అంటే కుదరదు, అది ఘోర పరాజయం. తీవ్ర గాయాలకు ఎదురు స్వల్ప గాయాలు, "చిన్న గాయాలు" అన్నా నడుస్తుంది. ఎదురుమాటను ఊహించకండి, వెతికి ఎక్కించండి.

## 11. రాశాక పట్టికతో సరిచూసుకోవడం

రాసేటప్పుడు పట్టిక తెరవకండి, చెయ్యి ఆగిపోతుంది. చిత్తుప్రతి పూర్తయ్యాక తెరవండి. ఒక ఉదాహరణ. ఇది చిత్తుప్రతి:

> సాయంత్రం బలమైన వర్షం వచ్చింది. బలమైన గాలి వల్ల కరెంటు వెళ్లిపోయింది. గది పూర్తి చీకటిగా మారింది. ఆమె బలమైన టీ తయారు చేసింది. రాత్రికి వర్షం ముగిసింది కానీ అతనికి లోతైన నిద్ర రాలేదు.

పట్టికతో చూశాక:

> సాయంత్రం జోరువాన పట్టుకుంది. ఈదురుగాలికి కరెంటు పోయింది. గదంతా చిమ్మచీకటి. ఆమె స్ట్రాంగ్‌గా టీ పెట్టింది. రాత్రికి వాన వెలిసింది గానీ అతనికి నిద్ర పట్టలేదు.

మూడు "బలమైన"లకు మూడు వేరు మాటలు వచ్చాయి. చివరి వాక్యంలో మాత్రం "గాఢనిద్ర" పెట్టలేదు, గమనించండి. పట్టికలో ఉంది కదా అని పెడితే "గాఢనిద్ర పట్టలేదు" అవుతుంది. అంటే కాస్త కునుకు పట్టిందనే అనుమానం వస్తుంది. అతను మేలుకునే ఉన్నాడని చెప్పాలంటే విశేషణమే వద్దు. అలాగే "గదంతా చిమ్మచీకటి" దగ్గర క్రియ అక్కర్లేకపోయింది.

"బలమైన గాలులు" తప్పు కాదు, వాతావరణ వార్తలో నిక్షేపంగా ఉంటుంది. ఇక్కడ కథ కాబట్టి, పైన ఇంకో "బలమైన" ఉంది కాబట్టి మార్చాం.

సరిచూసేటప్పుడు దగ్గర పెట్టుకోవాల్సిన జాబితా:

- చాలా, పెద్ద, బలమైన, తీవ్రమైన: వీటి పక్కనున్న నామవాచకం పట్టికలో ఉందా?
- "చేశాడు", "జరిగింది" బదులు ఆ పనికి సొంత క్రియ ఉందా?
- మొదలు, ముగింపు క్రియలు ఆ నామవాచకానివేనా?
- విభక్తి పూర్తి వాక్యంలో ఉన్నట్టే ఉందా?
- ఈ పొత్తు ఈ పాత్ర నోట, ఈ ప్రాంతంలో వినబడుతుందా?
- ఒకే పేజీలో "అరిగింది" గుర్తున్నవి రెండు మించాయా?
- బిగ్గరగా చదివితే ఎక్కడైనా నాలుక ఆగిందా?

నాలుక ఆగిన చోట పట్టికలో ఏమీ దొరక్కపోతే, అదే మీ తర్వాతి మూలమాట. కొత్త పేజీ తీసి, నాలుగో మెట్టులోని ఖాళీలతో మొదలుపెట్టండి.